‘తగ్గుతాది’ అన్న సారు

మా ఆయన వీడియో తీస్తున్నాడంటే నందికొట్కూరులో మా సందంతా కర్ఫ్యూ. ముందు నా కుట్టుమిషను ఆగాలి. తర్వాత పక్కింటి మిక్సీ ఆగాలి. ఎదురింటి కుక్కను ఆపడం ఎవరి తరమూ కాదు కాబట్టి, అది మొరిగినప్పుడల్లా ఈయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. ఫోను పట్టుకుని నిలబడేది నేను. జీతం లేదు, భత్యం లేదు, పైగా "చెయ్యి వణికిస్తాండావు జీవితా" అని సాధింపొకటి.

ఆయన పేరు జయపాల్. పక్క ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాడు. బడి చాలదన్నట్టు "రండప్పా తెలుసుకుందాం" అని యూట్యూబ్‌లో ఒక ఛానెల్ పెట్టాడు. తేలు కుడితే ఏం చేయాలి, పిల్లల కడుపులో నులిపురుగులు ఎట్లా చేరతాయి, కొన్ని బోర్ల నీళ్లు ఎందుకు ఉప్పగా ఉంటాయి, ఇవన్నీ మన సీమ మాటల్లో విడమరిచి చెప్తాడు. చేలల్లో, ఆటోల్లో, టీ అంగళ్ల దగ్గర పెట్టుకుని వింటారు. ఒకసారి కర్నూలు బస్సులో కండక్టరు గుర్తుపట్టి, "సారూ, మీరు తేలు సారు కదా?" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఈయన నడకే మారిపోయింది.

నిజానికి ఒక్క మాట కూడా పొట్టిగా చెప్పలేని మనిషి. పెళ్లిచూపుల్లో మా నాయన "పిల్ల నచ్చిందా అల్లుడా?" అని అడిగితే ఈయన కాసేపు ఆలోచించి, "ఒక్కసారి చూసి చెప్పేస్తే తొందరపాటు అవుతాది. ఇంతవరకు చూసినదాన్ని బట్టి అయితే నచ్చింది" అన్నాడు. మా నాయన లోపలికి వచ్చి, "వీనికి పిల్లను ఇయ్యాల్నా, పరీక్ష పెట్టాల్నా?" అని మా అమ్మను అడిగాడట. అలాంటి మనిషి ఈ జన్మకు ఒకే ఒక్కసారి పొట్టిగా మాట్లాడాడు. దాంతో మా కొంప మునగబోయింది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అత్త గురించి చెప్పాలి. పేరు జీవమ్మ. మాతోనే ఉంటుంది. చాలా ఏళ్లుగా ఆమెకు షుగరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకునేది. పెద్ద చదువు లేదు గానీ, చిన్నప్పుడు దొరసానమ్మ బడిలో బైబిలు వాక్యం చదవడం కోసమని నేర్చుకున్న అక్షరాలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఆదివారం గుడిలో ముందు వరసలో కూర్చుంటుంది. అయ్యగారు ప్రసంగంలో ఒక వాక్యం చెప్తే, ఏ అధ్యాయమో ఎన్నో వచనమో చెప్పాలి. ఆమె పుటలు తిప్పి, వేలు పెట్టి చదువుకుని, సరిపోయిందని తేలాకే తల ఊపుతుంది. అంతవరకు అయ్యగారు కూడా ఆగుతారు. ఒకసారి ఆయన ఊపులో ఉండి, "తనకు తాను సాయం చేసుకునేవానికే దేవుడు సాయం చేస్తాడని వాక్యం చెప్తాంది" అనేశారు. అత్త చెయ్యెత్తింది.

"ఎన్నో అధ్యాయమయ్యా?"

అయ్యగారు బైబిలు పుటలు అటూ ఇటూ తిప్పారు.

"అది లోకం మాటయ్యా. మంచి మాటే. వాక్యం మాత్రం కాదు," అని అత్త చెయ్యి దించింది. గుడంతా నవ్వింది. పాపం, అయ్యగారూ నవ్వేశారు.

ఇక కొర్రల వీడియో. ఈయన పేపర్లో ఒక వార్త చదివాడు. కొర్రలు తిన్న షుగరు రోగులకు మేలు జరిగిందని ఎవరో పరిశోధన చేసి తేల్చారని అందులో ఉంది. వెంటనే కాగితం మీద రాసుకున్నాడు: "తెల్లన్నం తినే పూట దాని బదులు అంతే కొలత కొర్రన్నం తింటే, తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరగడం కొంతమందిలో కొంత తక్కువగా ఉండొచ్చని ఒక పరిశోధన చెప్తాంది." చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో కుక్క మొరిగింది. మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుక మడత పడింది. మళ్ళీ కుక్క. నా చెయ్యి లాగేస్తోంది. "ఇంత పొడుగు మాట ఎవరింటారప్పా!" అని తనకు తనే చెప్పుకుని, కాగితం పక్కన పడేసి, ఫోను వైపు చూసి పళ్లన్నీ కనపడేట్టు నవ్వి, "కొర్రలు తింటే షుగరు తగ్గుతాదప్పా!" అన్నాడు. ఈసారి కుక్క మొరగలేదు. ఆ ముండది అప్పుడైనా మొరిగి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. తేలు సారు కాస్తా కొర్రల సారు అయ్యాడు. కింద కామెంట్లలో ఒకాయన, "సారూ, ఇది ఏ పరిశోధన? ఎవరు చేసినారు?" అని మర్యాదగానే అడిగాడు. మా ఆయన దానికి ఒక దండం బొమ్మ పెట్టాడు. అడిగిన ప్రశ్నకు దండం పెట్టి తప్పించుకోవడం మన రాజకీయ నాయకులకే చేతనవుతుందని ఇన్నాళ్లూ అనుకుంటూ ఉండేదాన్ని.

ఇంట్లో అత్త కూడా కొర్రల్లోకి దిగింది. రెండు పూటలా పిండి కలిపి జావ కాచుకుని తాగేది. కొంచెం సన్నబడింది. "అత్తా, కొత్త పెళ్లికూతురి మాదిరి అయినావే" అని నేనే ఎగతాళి చేశాను. నీళ్లు తెగ తాగేది. ఎండాకాలం కదా అనుకున్నాం. గడప బండకు కాలి బొటనవేలు కొట్టుకుంది. పసుపు పెట్టుకుంది. ఆ దెబ్బ మానలేదు, మానలేదని ఆమె చెప్పనూ లేదు. ఒక ఆదివారం గుడిలో పాటకు లేచి నిలబడిన మనిషి నిలబడినట్టే నా మీదికి ఒరిగిపోయింది.

ఆస్పత్రిలో నర్సు వేలికి సూది గుచ్చి చూసింది. షుగరు నాలుగొందలకు దగ్గరగా ఉంది. "మాత్రలు ఏసుకుంటాందా?" అని అడిగితే, నేను నిమ్మళంగా "రెండు పూటలా" అని చెప్పాను. మంచం మీద నుంచి అత్త, "మానేస్తి" అంది.

మా ఆయన మంచం మీదికి వంగాడు. "యాల మానేస్తివమ్మా?" అన్నాడు.

"నువ్వే కదా నాయనా చెప్తివి, కొర్రలు తింటే షుగరు తగ్గుతాదని. తింటి. తగ్గిండాదనుకుంటి. జ్వరం తగ్గినాక జ్వరం మాత్ర మింగుతామా ఎవరైనా?"

ఆమె మాటలో తప్పేముంది చెప్పండి. ఎండ తగ్గింది అంటే కొంచెం తగ్గిందని. ధర తగ్గింది అన్నా అంతే. కానీ జబ్బు తగ్గింది అంటే? పోయిందని. దగ్గు తగ్గింది, కడుపునొప్పి తగ్గింది, తలనొప్పి తగ్గింది. మన ఇళ్లల్లో జబ్బు పక్కన ఆ మాట వస్తే ఇంకో అర్థం లేనే లేదు. ఈయన అన్నది రక్తంలో చక్కెర గురించి. ఆమె విన్నది జబ్బు గురించి. ఇన్నేళ్లు సైన్సు చెప్పిన సారు తెలుగులో తప్పాడు.

వేలు పుండు చూసి ఇక్కడి డాక్టరు కర్నూలు పొమ్మన్నాడు. ఎముక దాకా పోయి ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పాడు. కర్నూల్లో షుగరు డాక్టరు బసవరాజు దగ్గర చేర్పించాం. మందులు ఎక్కించారు, ఎక్స్‌రే తీశారు, పుండు కడిగి కట్టు కట్టారు. వేలు ఉంటుందో పోతుందో కొన్నాళ్లు చూడాలన్నాడు. వరండాలో బెంచీ మీద ఈయన కూర్చున్నాడు. దారి పొడుగునా దాచుకున్న తిట్లు నా నోటి నిండా ఉన్నాయి. ఆ ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది, అంతే. అక్కడ కూర్చునే ఫోన్ తీసి ఆ వీడియో ఎవరికీ కనపడకుండా చేశాడు.

సాయంత్రం అత్త కొంచెం తేరుకున్నాక దగ్గరికి పోయాడు. "నాదే తప్పమ్మా," అన్నాడు. "గుళ్లో అయ్యగారిని అంతగా నిలదీస్తావే, నన్నెందుకు అడక్కపోతివి?"

అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. "అయ్యగారు తప్పు చెప్తే పుస్తకం తీసి చూస్తా. నువ్వు తప్పు చెప్తే ఏం తీసి చూడాల నాయనా?"

ఆమె నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఈయన బయటికి పోయి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నలభై దాటిన మగవాడు, మీసాలున్న సారు, వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కనే నిలబడి చెంగు అందించాను.

ఆ తర్వాత ఈయనకు పూనకం వచ్చింది. మొదట ఆ వార్త వేసిన పేపరుకు ఫోన్ చేశాడు. వాళ్లకు ఎవరో పంపిన పత్రికా ప్రకటన నుంచి వచ్చిందన్నారు. ఆ ప్రకటన పట్టుకుని, దాని వెనకున్న అసలు పరిశోధన వ్యాసం పట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఉంది. మాత్రల డబ్బాలు, బ్రెడ్డు ప్యాకెట్ల మధ్యే వార్డులో నిఘంటువు ముందు పెట్టుకుని చదివాడు. చదివే కొద్దీ తల కిందికి దిగింది.

"ఏముందంట?" అన్నాను.

"కొద్దిమంది మీద చేసినారు జీవితా. కొన్ని నెలలే. రోజుకు ఒక పూట అన్నం బదులు కొర్రన్నం పెట్టినారు. జావ కాదు, గింజ గింజగా వండిందే. చక్కెర కొంచెం దిగింది."

"సరే కదా. నువ్వు చెప్పిందే కదా."

"వాళ్లలో ఒక్కరు కూడా మాత్రలు మాన్లేదు," అన్నాడు. "అందరూ మాత్రలు ఏసుకుంటానే తిన్నారు. ఇంకా పెద్ద పరిశోధన జరిగితే గానీ గట్టిగా చెప్పలేమని ఆఖరి పుటలో వాళ్లే రాసుకున్నారు."

ఆ ఆఖరి పుట పేపరుదాకా రాలేదు. పేపర్లో మిగిలింది కాస్తా మా ఆయన నోటిదాకా రాలేదు. చెరుకు గడ ఒక్కొక్కరు ఒక్కో కణుపు కొరుక్కుంటూ పోతే చివరివాడికి పిప్పి మిగిలినట్టు, మా అత్తకు ‘తగ్గుతాది’ ఒక్కటే మిగిలింది.

తప్పు దిద్దుకుంటూ కొత్త వీడియో చేయాలనుకున్నాడు. ఈసారి తెలిసినవాళ్లను అడిగే చేస్తానన్నాడు. ముందు బసవరాజు డాక్టరును అడిగాడు. డాక్టరు కొర్రల పేరెత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొర్రలూ పిండి పదార్థమే సార్. గింజ పేరు కాదు, ఎంత తిన్నారన్నది ముఖ్యం. ఆ పరిశోధనలన్నీ చిన్న చిన్నవి. మీరు కొర్రలంటారు, నా దగ్గరికొచ్చేవాళ్లు మాత్రలు పారేస్తారు. మీ అమ్మగారు లోపలే ఉన్నారు, అడగండి."

తర్వాత పోషకాహారం మీద ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయిన మహేశ్వరి మేడం ఇంటికి పోయాం. కర్నూల్లోనే ఉంటుంది. ఆమె డాక్టరు మాటలు విని నవ్వింది.

"చిన్నవి అన్నది నిజమే. కానీ చాలావరకు ఒకే వైపు చూపిస్తున్నాయి కదా. మూడు పూటలా తెల్లన్నం తినేవాళ్లకు అది మార్చుకోమని చెప్పకపోతే, దానివల్ల కూడా నష్టం ఉంది. జొన్నలు, కొర్రలు తిన్న ప్రాంతం మనది. డాక్టరు గారు రోగిని చూస్తారు, నేను వంటింటిని చూస్తాను." తర్వాత మా అత్త తాగిన జావ గురించి అడిగి తల పట్టుకుంది. మెత్తగా పిండి చేసి కాచితే త్వరగా అరిగి చక్కెర కూడా త్వరగా పెరుగుతుందని, గింజ వండితే కొంత నెమ్మది అని చెప్పింది.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాడు. మొదట రాసిన పేరు చూడండి: "కొర్రలపై డాక్టరుకూ మేడంకూ యుద్ధం!" నేను చదివి, "కోడిపుంజులు ఎవరివి, పందెం ఎవరిది?" అని అడిగాను. గమ్మున కొట్టేశాడు. రెండోసారి మరీ మర్యాదస్తుడయ్యాడు. "ఇద్దరూ చెప్పింది కరెక్టే, మీకు నచ్చింది చేయండి" అని ముగించాడు.

"అయితే రేపు నేనేం వండాల?" అన్నాను.

"అంటే?"

"ఇద్దరూ కరెక్టయితే నేను పొయ్యి మీద ఏం పెట్టాల? మాత్ర ఏసుకోవాల్నా, వద్దా? అది చెప్పకుండా ఇద్దరికీ దండం పెట్టి తప్పించుకుంటే, అప్పుడు పెట్టిన దండం బొమ్మకూ దీనికీ ఏం తేడా?"

ఈయనకు కోపమొచ్చింది. కోపం వస్తే ఈయన ఆలోచిస్తాడు, అదొక్కటే మంచి గుణం. మూడోసారి వేరేగా రాశాడు. ముందు ఇద్దరూ ఒప్పుకునేది: మాత్ర మానకూడదు, కొర్రలు మందు కాదు, తిన్నా కొలతలోనే తినాలి. తర్వాత ఇద్దరికీ పేచీ ఉన్నది: అన్నం మార్చమని ఎంత గట్టిగా చెప్పొచ్చు అన్నది. ఆ పేచీ ఎందుకంటే పరిశోధనలు చిన్నవి, ఒక్కోచోట ఒక్కో రకంగా వండి పెట్టారు. ఇంకా పెద్దవి, ఎక్కువ కాలం చేసినవి వస్తే గానీ ఆ పేచీ తీరదు. అంతవరకు ‘తెలియదు’ అని చెప్పడమే నిజం. రాసింది ఇద్దరికీ పంపాడు. డాక్టరు ఒక చోట "నేను కొర్రలు వద్దనలేదు, మందు కాదన్నాను, రెంటికీ తేడా ఉంది" అని దిద్ది పంపాడు. మేడం జావ సంగతి మర్చిపోవద్దని గీత గీసి పంపింది.

కొత్త వీడియో వస్తోందని తెలిసి కొందరు ఇంకో సలహా ఇచ్చారు. మాత్రలన్నీ విషమని, పారేయమని చెప్పే ఇంకో ఛానెల్ ఆయన ఉన్నాడు. ఆయన్ని కూడా పిలవమన్నారు. "మూడు వైపులా వినాల కదా సారూ, న్యాయం కదా." మా ఆయన ఒప్పుకోలేదు. "వీళ్లిద్దరూ ఒకే కాగితాలు చదివి వేరే వేరేగా చెప్తాండారు. ఆయన ఏ కాగితమూ చూపించలేదు. ముగ్గుర్నీ ఒకే బెంచీ మీద కూచోబెడితే, చూసేవాళ్లు ముగ్గురికీ సమానంగా తెలుసనుకుంటారు. అదే పెద్ద అబద్ధం అవుతాది," అన్నాడు. పాత మా ఆయన అయితే పిలిచేవాడే. ఆ జగడం ఊరూరా చూసేవారు.

ఇంతలో అత్త ఇంటికొచ్చింది. ఎముకకు ఏమీ కాలేదు. చాలా రోజులు కట్లు కట్టించుకుంది. వేలు నిలిచింది, గోరు మాత్రం పోయింది. "గోరుతో పోయింది, దేవునికి స్తోత్రం," అని అందరికీ కాలు చూపించేది.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు నర్సు చేసిన పని ఒకటి ఈయన గమనించాడు. ఆమె "అర్థమైందా అవ్వా?" అని అడగలేదు. "మాత్ర ఎప్పుడేసుకోవాల్నో నాకు చెప్పు" అని అడిగింది. ఈయన ఉద్యోగంలో చేరినప్పటి నుంచి క్లాసులో "అర్థమైందా?" అనే అడుగుతున్నాడు. పిల్లలందరూ "అర్థమైంది సార్" అంటారు. పరీక్షల్లో ఏం అర్థమైందో తెలుస్తుంది. అందుకని వీడియో తీయకముందే మా అత్తను ముందు కూర్చోబెట్టుకుని చదివి వినిపించాడు.

"ఇప్పుడు నీకేం అర్థమైందో చెప్పమ్మా."

అత్త ఆలోచించి, "కొర్రలు తినకూడదు," అంది.

మా ఆయన తల పట్టుకున్నాడు. నేను మిషను మీద తల పెట్టి నవ్వాను. భయపెట్టే మాటలు ఎక్కువై అసలు మాట మునిగిపోయింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ చదివాడు. ఈసారి ఆమె, "తినొచ్చు, కొర్రలుంటే ఇంక భయం లేదు," అంది. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు. వాళ్లిద్దరూ పట్టుదలతో కూర్చున్నారు. చివరికి ఎప్పటికో అత్త, "అంటే, అన్నం మార్చొచ్చు, మాత్ర మార్చకూడదు. అంతేనా?" అంది.

ఈయన లేచి నిలబడ్డాడు. "అంతేనమ్మా! అంతే!"

ఆ మాటనే వీడియోలో పెట్టాడు. అయితే "డాక్టరు చెప్పకుండా" అని ముందు తగిలించాడు. ‘అన్నం మార్చొచ్చు, డాక్టరు చెప్పకుండా మాత్ర మార్చకూడదు.’ మళ్ళీ పొడుగైందని నేను సణిగాను. "ఒకరికి డాక్టరే తగ్గించొచ్చు, పెంచొచ్చు. ఆ రెండు మాటలు తీసేస్తే అబద్ధం అవుతాది. పొడుగైతే కానీలే," అన్నాడు. కుక్క మూడుసార్లు మొరిగినా మూడుసార్లూ పొడుగ్గానే చెప్పాడు.

వీడియో మొదట్లోనే తాను ఏమన్నాడో, అది ఎక్కడ తప్పో, దానివల్ల సొంత తల్లికి ఏమైందో చెప్పాడు. కింద చదవాల్సినవన్నీ పెట్టాడు: వ్యాసం పేరు, సంవత్సరం, ఏ పుటలో ఏముందో, ఏది పరిశోధన చెప్పింది, ఏది డాక్టరు అభిప్రాయం, ఏది తన ఊహ. పాత వీడియోల కింద కూడా ఇలాగే పెట్టడం మొదలుపెట్టాడు. తేలు వీడియోకు పెట్టబోయి అందులోనూ ఒక తప్పు పట్టుకుని, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కొత్త వీడియో ఎంతమంది చూశారని అడక్కండి. పాతదానికి వచ్చినవాళ్లలో పదో వంతు కూడా రాలేదు. "నిజం నడిచి పోయే లోపల అబద్ధం బస్సెక్కి పోయింటాది నిస్సీ నాయనా," అని నేనే ఓదార్చాను. నిస్సీ మా కూతురు, కర్నూల్లో చదువుతోంది. అది ఫోన్ చేసి వాళ్ల నాయనతో, "పర్వాలేదు నాయనా, నేను చూసినా" అంది. పాపం దానికే సంబరపడ్డాడు.

తీసేసిన వీడియో పోయిందనుకున్నాం. పోలేదు. ఒక రోజు మా టైలర్ల గ్రూపులో ఎవరో పంపారు. ఎవరో ముందే దాచుకుని ఉంటారు. మా ఆయన ముఖం, ఆ పళ్లు, ఆ నవ్వు. "కొర్రలు తింటే షుగరు తగ్గుతాదప్పా!" దాని కింద ఒక మాట: ‘మా అమ్మ మాత్రలు మానేసి హాయిగా ఉండాది. నాగన్న, ఆలూరు దగ్గర.’ కింద నెంబరు కూడా ఉంది.

ఈయన నా చేతిలోని ఫోను లాక్కున్నాడు. వెంటనే ఫోన్ చేశాడు. నేను పక్కనే కూర్చున్నాను.

"నాగన్నా, ఆ వీడియోలో చెప్పింది తప్పప్పా. మీయమ్మను ఒకసారి..."

"తప్పా? ఎవరప్పా నువ్వు?"

"నేను చెప్పేది విను. మాత్రలు..."

"ఆ సారు శానా చదువుకున్నోడు. తేలు గురించి చెప్పింది మా పక్కింట్లో నిజమాయ. నువ్వు యాడ చదివినావు, ఆయన్ని తప్పు పట్టేకి?"

నాకు నవ్వాగలేదు. చెంగు నోట్లో కుక్కుకున్నాను.

"నేనే ఆ సారునప్పా," అన్నాడు ఈయన దీనంగా.

నాగన్న నమ్మలేదు. "ఆ సారు గొంతు ఇంత బొంగురుండదే."

ఇక వీడియో కాల్ చేయాల్సి వచ్చింది. నాగన్న ఫోను వాళ్లమ్మ చేతికిచ్చాడు. సుంకమ్మ అట. ఆమె తెర దగ్గరికి ముఖం పెట్టి చూసింది. "సారే రా ఇతను! అందులో నవ్వుతాండ్య, ఇప్పుడేంది ఇట్లుండాడు?"

ఈయన మొత్తం చెప్పాడు. తన తల్లి మాత్రలు మానడం, గుడిలో పడిపోవడం, వేలు, అన్నీ. ఎక్కడా తప్పించుకోలేదు. సుంకమ్మ అడ్డు రాకుండా వింది.

"నీ మాట మీద మానేస్తి సారూ," అంది చివరికి. "ఇప్పుడు మళ్ల నీ మాట మీదనే మొదలుపెట్టాల్నా?"

నా నవ్వు ఆగిపోయింది. ఎంత పొడుగైనా మాట్లాడగల మనిషికి ఆ పూట మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"నా మాట మీద వద్దవ్వా. పొద్దున్నే ఆస్పత్రికి పో. రక్తం చూపించుకో. అక్కడ ఏమొస్తే అది నమ్ము. పాత చీటీ తీసుకుపోయి చూపించు, వాళ్లు ఏం చెప్తే అట్ల చెయ్."

"అయితే నువ్వు చెప్పేది ఏమీ లేదా?"

"పొమ్మని చెప్పేకే ఫోన్ చేసినా అవ్వా. అంతే."

మరుసటి రోజంతా ఈయన ఫోను జేబులో పెట్టలేదు. బడిలో కూడా చేతిలోనే పట్టుకున్నాడట. సాయంత్రం నాగన్న చేశాడు. షుగరు మూడొందలు దాటిందట. డాక్టరు తిట్టి మళ్ళీ మాత్రలు రాసిచ్చాడట. కాళ్లు, కళ్లు కూడా చూశాడట, ఇంకా ఏమీ కాలేదన్నాడట.

"మీయమ్మ ఏమంటాంది?" అని ఈయన అడిగాడు.

నాగన్న కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "‘సారు చెప్పింది నిజమేమ్మా’ అంటి సారూ. ‘కాదురా, సారు పోయి చూసుకోమన్నాడు, నిజం రక్తం చూసే మిషను చెప్పింది’ అంటాంది."

మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆయమ్మ చెప్పిందే కరెక్టు నాగన్నా," అన్నాడు.